ఉద్యోగ ప్రకటనను సరిదిద్దడం ఎలా? చేయాల్సిన పని, తప్పనిసరి అర్హత, ఉంటే మంచిదనే అర్హత విడివిడిగా రాసే పద్ధతి

ఈ వేసవిలో మన బడి ఆఫీసులో సహాయకుల పోస్టు ఖాళీ అయింది. మేనేజ్‌మెంటు జీతమిచ్చే పోస్టు కాబట్టి ప్రకటన మనమే రాసుకోవాలి. నేనే రాసి బోర్డు మీద అంటించాను. పదిహేను రోజుల్లో రెండే రెండు అర్జీలు వచ్చాయి. ఆ ఇద్దరికీ తెలుగు చదవడం రాదు.

అదే వారంలో కొడుకు టి.సి. కోసం ఒక తల్లి ఆఫీసుకు వచ్చారు. ఆమె మన బడిలోనే పదో తరగతి దాకా చదివారు, ఆ తరువాత ప్లస్ టూ పూర్తి చేశారు. ఒక బట్టల కొట్లో రెండేళ్లు బిల్లు కౌంటరు చూశారు. తెలుగు, తమిళం రెండూ చక్కగా చదువుతారు. "మీరెందుకమ్మా అర్జీ పెట్టలేదు?" అని అడిగాను. "మీరు పద్నాలుగు అడిగారు సార్. నాకు డిగ్రీ లేదు, ట్యాలీ రాదు, హిందీ రాదు. ఎందుకులే అనుకున్నాను" అన్నారు.

ఇంటికి పోయి నా ప్రకటన నేనే మళ్లీ చదువుకున్నాను. ఆమె చెప్పిన లెక్క సరిగ్గానే ఉంది. తప్పు నాదే. దాన్ని ఎలా సరిదిద్దానో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీలో కొట్టు, వర్క్‌షాపు, సంఘం నడిపేవాళ్లున్నారు. మీరూ ఇలాంటి ప్రకటనలు రాస్తుంటారు. పిల్లలు రేపు వాటిని చదివి అర్జీ పెట్టాల్సినవాళ్లు. ఇద్దరికీ పనికొస్తుంది.

నేను మొదట రాసిన ప్రకటన

"ఆఫీసు అసిస్టెంటు కావలెను. డిగ్రీ చదివి, 5 సంవత్సరముల అనుభవము కలిగి, తెలుగు, తమిళము, ఇంగ్లీషు, హిందీ భాషలు తెలిసి, తెలుగు టైపింగు, తమిళ టైపింగు, ఎం.ఎస్. ఆఫీసు, ట్యాలీ, ఈ.ఎం.ఐ.ఎస్. పని వచ్చి, ఫీజు వసూలు, అడ్మిషన్ రిజిస్టరు, టి.సి.లు, బ్యాంకు పని చూసుకొనగల, టూవీలరు కలిగిన, చురుకైన యువతి కావలెను. పాఠశాలకు సంబంధించిన ఇతర పనులు చేయవలసి ఉండును."

ఒకే వాక్యంలో అన్నీ కలిసిపోయాయి. వచ్చిన మనిషి ఏం చేయాలో, వచ్చేముందే ఏం తెలిసి ఉండాలో, ఏది లేకపోయినా ఫర్వాలేదో ఇందులో తెలియదు. చదివేవాళ్లు అన్నిటినీ తప్పనిసరి అనుకుంటారు. నిజాయితీగా ఆలోచించేవాళ్లు వెనక్కి తగ్గుతారు. ఏదీ పట్టించుకోనివాళ్లు అర్జీ పెట్టేస్తారు. నాకు వచ్చిన రెండు అర్జీలు అలా వచ్చినవే.

మొదటి అడుగు: పనిని అర్హత నుంచి విడదీయడం

ఒక కాగితం మీద రెండు వరుసలు గీసుకోండి. ఎడమవైపు, చేరిన తరువాత చేసేవి. కుడివైపు, చేరకముందే మనిషి దగ్గర ఉండాల్సినవి. ప్రకటనలోని ఒక్కొక్క మాటనూ తీసి ఈ రెంటిలో ఒకదానిలో పెట్టండి. గుర్తు సులభమే. "రాయడం, వసూలు చేయడం, అప్పగించడం" అని క్రియగా చెప్పగలిగితే అది పని. "చదివి ఉండటం, రావడం, తెలియడం" అయితే అది అర్హత.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. కొన్ని పనులు అర్హత వేషం వేసుకుని ఉంటాయి. "ఈ.ఎం.ఐ.ఎస్. పని వచ్చి ఉండాలి" అని రాశాను కదా. ఈ.ఎం.ఐ.ఎస్. అంటే పిల్లల వివరాలు, ఉపాధ్యాయుల వివరాలు ఎక్కించే తమిళనాడు విద్యాశాఖ కంప్యూటరు వ్యవస్థ. దాని లాగిన్ బడులకు ఇస్తారు. బయటివాళ్లు ఇంట్లో కూర్చుని నేర్చుకునేది కాదు. కాబట్టి నేను అడిగింది ఒక నైపుణ్యం కాదు. "ఇదివరకే ఏదో ఒక బడి ఆఫీసులో పనిచేసి ఉండాలి" అని అడిగినట్టయింది. అందులో వివరాలు ఎక్కించడం పని. దానికి కావాల్సిన అర్హత వేరే: కాగితం చూసి పేరు, పుట్టినతేదీ తప్పు లేకుండా కంప్యూటరులో కొట్టగలగడం.

పనులు జ్ఞాపకం మీద రాయకండి. నేను పాత సహాయకుణ్ణి పిలిచి, ఏ రోజు ఏం చేసేవాడో, ఏ నెలలో ఏం ఎక్కువగా ఉండేదో అడిగి రాసుకున్నాను. బ్యాంకు పని చాలా ఉంటుందని అనుకునేవాణ్ణి. వారానికి రెండుసార్లేనట. రోజులో ఎక్కువ సమయం కౌంటరు దగ్గర తల్లిదండ్రులకు సమాధానం చెప్పడానికే పోతుందట. నా ప్రకటనలో ఆ పని అసలు లేనే లేదు!

ఒక్కొక్క పనికి మూడు సంగతులు రాయండి: ఏం చేయాలి, దేన్ని, ఎంత తరచుగా. "ఫీజు వసూలు" అంటే చాలదు. "ప్రతిరోజూ ఉదయం ఫీజు తీసుకుని రసీదు రాయడం, సాయంత్రం నగదు లెక్క సరిచూసి అప్పగించడం" అంటే చదివినవాళ్లకు రోజు ఎలా ఉంటుందో కళ్లకు కడుతుంది.

"ఇతర పనులు" అనే మాట దగ్గర కాస్త ఆగండి. దాని చాటున ఏదైనా దూరిపోతుంది. నాకు నిజంగా కావాల్సింది పరీక్షల రోజుల్లో ప్రశ్నపత్రాలు జిరాక్సు తీయించడం, విద్యాధికారి ఆఫీసుకు కాగితాలు అందజేయడం. ఆ రెండూ పేరు పెట్టి రాశాను, "ఇతర" అన్న మాట తీసేశాను.

రెండో అడుగు: ప్రతి అర్హతకూ ఒక పని చూపించడం

ఇప్పుడు కుడివైపు వరుసలోని ఒక్కొక్క అర్హత నుంచి ఎడమవైపు ఏదో ఒక పనికి గీత గీయండి. గీత ఎక్కడికీ పోకపోతే ఆ అర్హతను కొట్టేయండి.

హిందీకి గీత లేదు. మన ఆఫీసులో హిందీతో జరిగే పని ఒక్కటీ లేదు. కొట్టేశాను.

టూవీలరు బ్యాంకు కోసమని రాశాను. బ్యాంకు పది నిమిషాల నడక. కొట్టేశాను.

ట్యాలీ మన ఆఫీసులో లేదు. మనం నగదు పుస్తకం చేతితో రాస్తాం, సంవత్సరం చివర ఆడిటరుగారి ఆఫీసులో దాన్ని ట్యాలీలోకి ఎక్కిస్తారు. అయితే వచ్చే ఏడు మనమే మొదలుపెట్టాలని కమిటీలో అనుకున్నాం. కాబట్టి గీత ఉంది గానీ, అది ఇప్పటి పనికి కాదు. దీన్ని పక్కన పెట్టుకున్నాను.

డిగ్రీ సంగతి చూద్దాం. ఎడమవైపు ఉన్న ఏ పనికి డిగ్రీ కావాలి? రసీదు రాయడానికి అక్కర్లేదు, రిజిస్టరు రాయడానికీ అక్కర్లేదు. అర్జీలు గుంపుగా వస్తే వడకట్టడానికి డిగ్రీని జల్లెడలా పెట్టానన్నమాట. ప్లస్ టూ చాలు.

అయిదేళ్ల అనుభవం వెనక నా భయం ఒకటి దాగి ఉంది. నగదు లెక్కలో తప్పు రాకూడదన్నదే ఆ భయం. అలాంటప్పుడు ఆ మాటే రాయాలి. పదేళ్లు పనిచేసినా లెక్క తప్పేవాళ్లుంటారు. బట్టల కొట్లో ఏడాది బిల్లు రాసి లెక్క తప్పనివాళ్లూ ఉంటారు. సంవత్సరాల అంకె కనబడినప్పుడల్లా "దీని వెనక నేను కోరుతున్నదేమిటి?" అని అడిగి, అది రాయండి.

"చురుకైన యువతి" అన్నది పనీ కాదు, అర్హతా కాదు. చురుకును ఎలా కొలుస్తాం? ఆడవాళ్లే కావాలనడానికి ఈ పనిలో కారణమేమీ లేదు. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టంలోనే చెప్పారు. ఆ మాట మొత్తం పోయింది.

మూడో అడుగు: తప్పనిసరా, ఉంటే మంచిదా?

మిగిలిన అర్హతలకు రెండు ప్రశ్నలు వేయాలి. ఒకటి, ఇది లేకపోతే మొదటి రోజే పని ఆగిపోతుందా? రెండు, ఒక నెలలో మనం నేర్పించుకోలేమా? రెంటికీ "అవును" అంటేనే అది తప్పనిసరి. నెలలో నేర్పుకోగలిగితే అది ఉంటే మంచిదనే వరుసలోకి పోతుంది.

తరువాత ఒక ఎదురు ప్రశ్న: మిగతావన్నీ ఉండి ఇది ఒక్కటే లేని మంచి మనిషి వస్తే, నిజంగా వెనక్కి పంపుతారా? పంపడానికి మనసు ఒప్పకపోతే దాన్ని తప్పనిసరి వరుసలో రాసే హక్కు మీకు లేదు.

మన బడికి ముఖ్యమైనది భాష, కాబట్టి అది ఒక్కటీ వివరంగా చూద్దాం. "తెలుగు తెలిసి ఉండాలి" అని రాశాను. మన ఊళ్లో ఈ మాటకు అర్థం ఏమిటి? ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళంలోనో ఇంగ్లీషులోనో చదువుకున్నవాళ్లు మనలో ఎంతోమంది. వాళ్లకు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తెలుగు వచ్చని నమ్మి అర్జీ పెడతారు. అందులో అబద్ధమేమీ లేదు. ప్రకటనే అస్పష్టంగా ఉంది. కాబట్టి మాట్లాడటం, చదవడం, రాయడం అని మూడుగా విడగొట్టాలి.

మాట్లాడటం: కౌంటరు దగ్గరికి వచ్చే అవ్వతాతల్లో కొందరికి తెలుగు తప్ప రాదు, కొందరు తల్లిదండ్రులకు తమిళమే సులభం. రెండూ మొదటి రోజే కావాలి. తప్పనిసరి.

చదవడం: మన పాత అడ్మిషన్ రిజిస్టర్లు తెలుగులో ఉన్నాయి. ఎవరైనా పాత విద్యార్థి పుట్టినతేదీ సర్టిఫికెట్టుకు వస్తే చేతిరాత చదివి వెతకాలి. పేరులో ఒక్క అక్షరం తప్పు చదివితే ఆ మనిషికి పాస్‌పోర్టు దగ్గర చిక్కు వస్తుంది. విద్యాశాఖ ఉత్తరాలు తమిళంలో వస్తాయి. ఒక లిపి చదవడం నెలలో అంత బాగా పట్టుబడదు. కాబట్టి రెండు లిపులూ చదవడం తప్పనిసరి.

రాయడం: రిజిస్టర్లు ఇప్పుడు ఇంగ్లీషులో రాస్తున్నాం. తెలుగులో రాసేది నోటీసులు, అవి వారానికి ఒకటో రెండో. నేను చూసి దిద్దగలను. ఉంటే మంచిది.

టైపింగు కూడా ఇలాగే. "తెలుగు టైపింగు" అని ఊరికే రాస్తే ఏ టైపింగో తెలియదు. మన పాత సర్క్యులర్లు అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. ఇప్పుడు కొట్టేదంతా యూనికోడ్‌లోనే. ఫోనులో తెలుగు మెసేజీలు కొట్టేవాళ్లకు యూనికోడ్ పరిచయమే, కంప్యూటరు మీద కొన్ని వారాల్లో చేయి తిరుగుతుంది. కాబట్టి యూనికోడ్ అని పేరు పెట్టి, ఉంటే మంచిదనే వరుసలో వేశాను. తమిళ టైపింగుకు మన దగ్గర పని తక్కువ. కొట్టేశాను.

నాలుగో అడుగు: వాక్యం అనుమానం లేకుండా రాయడం

తప్పనిసరికి "ఉండాలి", "రావాలి" అనే మాటలే వాడండి. రెండో వరుస పైన "ఉంటే మంచిది, లేకపోయినా అర్జీ పెట్టవచ్చు" అని పూర్తిగా రాయండి. "ప్రాధాన్యత ఇవ్వబడును", "అభిలషణీయం" లాంటి మాటలు వద్దు. రాసినవాళ్లు ఒకటి అనుకుంటారు, చదివినవాళ్లు ఇంకొకటి అనుకుంటారు. "తెలుగు, తమిళం" అని కామా పెట్టి వదిలేస్తే రెండూనా, ఏదో ఒకటా అన్నది తెలియదు. "రెండూ" అనో "ఏదైనా ఒకటి" అనో రాయండి.

"కంప్యూటరు పరిజ్ఞానం" లాంటి మాటకూ ఇదే గతి. నా రెండో చిత్తుప్రతిలో అది ఉండిపోయింది. పదో తరగతి పిల్లలకు చదవమని ఇస్తే, "గేమ్స్ ఆడటం వస్తే చాలా సార్?" అన్నాడొకడు. నవ్వులు పూర్తయ్యాక చూస్తే వాడి ప్రశ్న న్యాయమైనదే. "ఎక్సెల్ పట్టికలో వివరాలు ఎక్కించి ప్రింటు తీయగలగాలి" అని మార్చాను.

సరిదిద్దిన ప్రకటన

పోస్టు: ఆఫీసు సహాయకులు, ఒకటి (స్త్రీలు, పురుషులు ఎవరైనా)

చేయాల్సిన పనులు:
1. ప్రతిరోజూ కౌంటరు దగ్గర తల్లిదండ్రులకు తెలుగులో, తమిళంలో సమాధానం చెప్పడం.
2. ప్రతిరోజూ ఫీజు తీసుకుని రసీదు రాయడం, సాయంత్రం నగదు పుస్తకం రాసి లెక్క అప్పగించడం.
3. వచ్చిన ఉత్తరాలు, పంపిన ఉత్తరాలు రిజిస్టరులో ఎక్కించడం.
4. వారానికి రెండుసార్లు బ్యాంకుకు వెళ్లడం, అవసరమైనప్పుడు విద్యాధికారి ఆఫీసుకు కాగితాలు అందజేయడం.
5. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎక్కువగా: అడ్మిషన్ రిజిస్టరు, టి.సి.లు రాయడం, ఈ.ఎం.ఐ.ఎస్.లో వివరాలు ఎక్కించడం (నేర్పిస్తాం).
6. పరీక్షల రోజుల్లో ప్రశ్నపత్రాలు జిరాక్సు తీయించడం.

తప్పనిసరిగా ఉండాల్సినవి:
1. ప్లస్ టూ పూర్తి చేసి ఉండాలి.
2. తెలుగు, తమిళం రెండూ మాట్లాడటం, చదవడం రావాలి. ఇంగ్లీషులో పేర్లు, తేదీలు తప్పు లేకుండా రాయగలగాలి.
3. నగదు లెక్క తప్పు లేకుండా చూడగలగాలి (ఇంటర్వ్యూ రోజున చిన్న పరీక్ష ఉంటుంది).
4. ఎక్సెల్ పట్టికలో వివరాలు ఎక్కించి ప్రింటు తీయగలగాలి.

ఉంటే మంచిది, లేకపోయినా అర్జీ పెట్టవచ్చు:
1. యూనికోడ్‌లో తెలుగు టైపింగు.
2. తెలుగులో నోటీసు రాయగలగడం.
3. ట్యాలీ.

పనివేళలు, జీతం, అర్జీ చివరి తేదీ వీటి కింద వేరుగా రాశాం. అవి పనులూ కావు, అర్హతలూ కావు. వాటిని ఈ మూడింటిలో కలపకండి.

మనం మార్చలేనివి

ఎక్సెల్ మన తప్పనిసరి, కావాలంటే రేపు దాన్ని సడలించుకోవచ్చు. కొన్ని తప్పనిసరులు మాత్రం చట్టం పెట్టినవి. 1 నుంచి 8 తరగతుల ఉపాధ్యాయుల కనీస అర్హతలు 2009 విద్యాహక్కు చట్టం కింద ఎన్.సి.టి.ఇ. నిర్ణయిస్తుంది. వ్యాను డ్రైవరుకు ఆ తరగతి బండికి చెల్లే లైసెన్సు ఉండి తీరాలి. ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టుల అర్హతలు ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఉంటాయి. వీటికి "మొదటి రోజు" ప్రశ్న వేయనక్కర్లేదు. నేరుగా తప్పనిసరి వరుసలో పెట్టి, పక్కన "చట్టప్రకారం" అని రాయండి. బేరమాడే వీలు లేదని చదివేవాళ్లకు తెలుస్తుంది.

ఇంటర్వ్యూ రోజు

ఇంత విడదీసి రాసి, ఇంటర్వ్యూలో మళ్లీ కలిపేస్తే చేసిందంతా వృథా. తప్పనిసరికి మార్కులు వేయకూడదు. ఉందా, లేదా అన్నదే లెక్క. నాలుగూ ఉన్నవాళ్లను మాత్రమే విడిగా పెట్టి, వాళ్లలో వాళ్లకే రెండో వరుస చూడాలి.

ఒక ఉదాహరణ చెప్తాను. ఒకరికి ట్యాలీ, టైపింగు బ్రహ్మాండంగా వచ్చు గానీ తమిళం చదవడం రాదు. ఇంకొకరికి తప్పనిసరివి నాలుగూ ఉన్నాయి, రెండో వరుసలో ఒక్కటీ లేదు. అన్నిటికీ కలిపి మార్కులు వేస్తే మొదటివారే ముందుంటారు. చేరిన మర్నాడు విద్యాశాఖ ఉత్తరం వస్తే మళ్లీ నేనే చదవాలి. రెండోవారిని తీసుకుంటే ట్యాలీ తరువాత నేర్పించుకోవచ్చు.

తప్పు ఎక్కడుందో అర్జీలే చెబుతాయి. అర్జీలే రాకపోతే తప్పనిసరి వరుస పొడవుగా ఉందని అర్థం. వచ్చినవాళ్లందరూ పనికి సరిపోనివాళ్లయితే తప్పనిసరిది ఏదో రాయడం మరిచారని అర్థం. ఇంటర్వ్యూలో మీరు అడిగే ప్రశ్న ప్రకటనలో లేకపోతే, అది రాయాల్సిన అర్హతైనా అయి ఉండాలి, అడగకూడని ప్రశ్నైనా అయి ఉండాలి.

అర్జీ పెట్టేవాళ్లకు

అన్ని ప్రకటనలూ ఇలా విడదీసి ఉండవు. కలిపి రాసినది మీ చేతికి వస్తే మీరే విడదీయండి. పనుల కింద ఒక రంగు, అర్హతల కింద ఇంకో రంగు గీయండి. "చట్టప్రకారం" కావాల్సినది మీ దగ్గర లేకపోతే ఆ అర్జీ వద్దు, సమయం వృథా. మిగతా వాటిలో ఏది తప్పనిసరో తెలియకపోతే ఫోను చేసి, "ట్యాలీ ఇప్పుడు రాదు, చేరాక నేర్చుకుంటాను, అర్జీ పెట్టవచ్చా?" అని ఒక్క ప్రశ్న సూటిగా అడగండి. అడిగినందుకు ఎవరూ తప్పు పట్టరు. అర్జీలో మాత్రం తప్పనిసరివి ఒక్కొక్కటీ మీకు ఎలా ఉన్నాయో అదే వరుసలో రాయండి. "బట్టల కొట్లో రెండేళ్లు బిల్లు కౌంటరు చూశాను" అన్న ఒక్క వాక్యం "నిజాయితీగా, కష్టపడి పనిచేస్తాను" అన్న పేరా కన్నా నాకు ఎక్కువ చెబుతుంది.

సరిదిద్దిన ప్రకటన పెట్టిన పది రోజుల్లో తొమ్మిది అర్జీలు వచ్చాయి. అందులో ఆ తల్లిది కూడా ఉంది. పోస్టు ఎవరికో ఇంటర్వ్యూ నాడు తేలుతుంది. ఈసారి అర్జీ పెట్టాల్సినవాళ్లు పెట్టారు, నాకు అది చాలు. మీ కొట్టుకో, సంఘానికో ప్రకటన రాసుకున్నవాళ్లు శనివారం మధ్యాహ్నం చిత్తుప్రతి తీసుకుని బడికి రండి, కలిసి కూర్చుని విడదీద్దాం.